యాంటీబయాటిక్ చీటీలో నాలుగు నిర్ణయాలు

కిడ్నీకి చేరిన ఇన్‌ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ రాయడం ఒక్క నిమిషం పనిలా కనిపిస్తుంది. నిజానికి ఆ చీటీలో నాలుగు వేర్వేరు నిర్ణయాలు ఉంటాయి. అవి ఒకే రోజు తేలేవి కావు. ఈ రోగికి అసలు యాంటీబయాటిక్ అవసరమా? అవసరమైతే ముందుగా ఏ శాంపిళ్లు తీసి, రిపోర్టు రాకముందే ఏ మందుతో మొదలుపెట్టాలి? రెండు మూడు రోజులకు రిపోర్టు వచ్చాక ఆ మందును ఆపాలా, మార్చాలా, సూది నుంచి మాత్రకు దించాలా? మొత్తం ఎన్ని రోజులు ఇవ్వాలి? అమెరికా వైద్యులు 2019లో ఈ వరుసను ‘నాలుగు ఘట్టాలు’గా వైద్య పత్రికల్లో వివరించారు. యాంటీమైక్రోబియల్ స్టీవార్డ్‌షిప్ అంటే, ఉన్న కాసిని మందులను రేపటి రోగికి కూడా పనికొచ్చేలా కాపాడుతూ ఇవాళ్టి రోగికి సరైన వైద్యం అందించడం. ఆ పని ఆచరణలో ఈ నాలుగు ప్రశ్నలను ఎవరూ దాటవేయకుండా చూడటమే.

ఫైనల్ ఇయర్ వైద్య విద్యార్థికి ఈ ప్రశ్నలు ఎక్కువగా ఎదురయ్యేది మూత్ర ఇన్‌ఫెక్షన్లలో. కోస్తాలోని ఒక జిల్లా ఆస్పత్రి మెడికల్ వార్డులో పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరు రోగులను ఉదాహరణగా ఊహించుకుంటే నాలుగు ఘట్టాలూ వరుసగా కనిపిస్తాయి.

మొదటి ప్రశ్న: మందు కావాలా?

మొదటి మంచం మీద 70 ఏళ్ల పెద్దాయన ఉన్నారు. పక్షవాతం వచ్చి చేరారు, పది రోజులుగా మూత్రానికి గొట్టం వేసి ఉంది. జ్వరం లేదు, పొత్తికడుపులో నొప్పి లేదు, మాట తీరు నిన్నటిలాగే ఉంది. మూత్రం మబ్బుగా ఉందని ఎవరో పరీక్షకు పంపారు. రిపోర్టులో చీము కణాలు నిండుగా ఉన్నాయి, కల్చర్‌లో ఈ.కోలై పెరిగింది. అది చూడగానే చీటీలో యాంటీబయాటిక్ రాయాలని చెయ్యి తొందరపడుతుంది.

ఇక్కడ అవసరమైన మందు ఏదీ లేదు. మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం వేరు, బ్యాక్టీరియా వల్ల జబ్బు రావడం వేరు. గొట్టం ఉన్నవారి మూత్రంలో రోజులు గడిచేకొద్దీ బ్యాక్టీరియా చేరడం మామూలే. చీము కణాలు కూడా గొట్టం రాపిడికే రావచ్చు. లక్షణాలు లేని బ్యాక్టీరియాకు వైద్యం చేయాల్సిన సందర్భాలు ముఖ్యంగా రెండు. ఒకటి గర్భం, రెండోది మూత్రమార్గం లోపలి పొర గాయపడే శస్త్రచికిత్సకు ముందు. మిగతావారిలో మందు ఇస్తే ఆ బ్యాక్టీరియా కొన్నాళ్లు తగ్గి, మందులకు లొంగని రకాలతో మళ్లీ వస్తుంది. పెద్దాయనకు చేయాల్సింది గొట్టం ఇంకా అవసరమో లేదో చూసి, అవసరం లేకపోతే తీసేయడం. అసలు తప్పు ఆ పరీక్షను పంపిన దగ్గరే జరిగింది. లక్షణం లేనప్పుడు పంపిన కల్చర్ అక్కర్లేని మందుకు దారి తీస్తుంది.

రెండో మంచం మీద 58 ఏళ్ల మహిళ ఉన్నారు. పదేళ్లుగా మధుమేహం, బీపీ. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ వాడుతున్నారు. రెండు రోజులుగా వణుకుతో జ్వరం, కుడి పక్క నడుము పైభాగంలో నొప్పి, వాంతులు. ఆరు వారాల కిందట మూత్రంలో మంట వస్తే ఊళ్లోని ఆర్‌ఎంపీ ఐదు రోజులు సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. ఇప్పుడు జ్వరం 102 డిగ్రీలు, బీపీ 110/70, నాడి 112. కుడి వెన్నుపక్క తట్టితే ఉలిక్కిపడుతున్నారు. ఇది కిడ్నీకి ఎక్కిన ఇన్‌ఫెక్షన్, అంటే పైలోనెఫ్రైటిస్. ఈమెకు యాంటీబయాటిక్ కావాలి, ఈ రాత్రే కావాలి.

రెండో ప్రశ్న: రిపోర్టు రాకముందు ఏది?

మొదటి డోసుకు ముందే శాంపిళ్లు తీయాలి. ఒక్క డోసు పడ్డాక మూత్రంలోని బ్యాక్టీరియా ప్లేటు మీద పెరగకపోవచ్చు. అప్పుడు మూడో రోజున మందును తగ్గించడానికి ఆధారమే మిగలదు. మూత్రం మధ్య ధారలో పట్టాలి. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి, వీలుకాకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. గది వేడిలో వదిలేస్తే ఒకటి రెండు బ్యాక్టీరియాలు లక్షలై, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తాయి. రక్తం రెండు వేర్వేరు చోట్ల నుంచి, ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున తీయాలి. తక్కువ రక్తం పోస్తే ఉన్న బ్యాక్టీరియా కూడా దొరకదు. ఇదంతా నిమిషాల్లో జరగాలి. రోగి షాక్‌లో ఉంటే యాంటీబయాటిక్ గంటలోపే పడాలి, శాంపిల్ కోసం దాన్ని ఆపకూడదు.

తర్వాత మందు ఎంపిక. దీనికి మూడు విషయాలు కలిపి చూడాలి: జబ్బు ఎక్కడుంది, అక్కడ సాధారణంగా ఏ బ్యాక్టీరియా ఉంటుంది, ఈ రోగిలో ఆ బ్యాక్టీరియా దేనికి లొంగకపోవచ్చు. కిడ్నీ ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం పేగుల నుంచి వచ్చే ఈ.కోలైవే. ఈమె ఆరు వారాల కిందట సిప్రోఫ్లాక్సాసిన్ మింగారు. ఆ మందు పేగుల్లో దానికి లొంగేవాటిని చంపి, లొంగనివాటికి చోటిచ్చింది. కాబట్టి ఇటీవల వాడిన తరగతి మందును మళ్లీ నమ్మకూడదు.

ఇక సెఫ్‌ట్రియాక్సోన్. వార్డుల్లో అలవాటుగా రాసే మందు ఇదే. అయితే మన దేశంలోని ఈ.కోలై చాలావరకు ఈఎస్‌బీఎల్ అనే ఎంజైమును తయారుచేసుకుంటుంది. పెన్సిలిన్లనూ సెఫ్‌ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్లనూ ఈ ఎంజైము ముక్కలు చేస్తుంది. ఈ ఎంజైముల్లో నేడు ప్రపంచమంతా విస్తరించిన సీటీఎక్స్-ఎం-15 అనే రకాన్ని మొదట గుర్తించింది 1999లో ఢిల్లీలో సేకరించిన నమూనాల్లోనే. దాని జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంటుంది. ఆ చుట్ట ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి చేరుతుంది, వేరే తరగతి మందులను అడ్డుకునే జన్యువులను కూడా వెంట మోసుకెళ్తుంది.

ఆస్పత్రిలో ఏ బ్యాక్టీరియా ఏ మందుకు ఎంత శాతం లొంగుతోందో చూపే పట్టికను యాంటీబయోగ్రామ్ అంటారు. దాన్ని తయారుచేసేటప్పుడు ఒక రోగి నుంచి వచ్చిన మొదటి నమూనానే లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కో బ్యాక్టీరియాకు కనీసం 30 నమూనాలు లేకపోతే ఆ శాతాన్ని నమ్మలేం. దీన్ని చదవడంలో ఒక మెలకువ కూడా అవసరం. మామూలు మందుతో తగ్గిపోయినవారి మూత్రం ల్యాబ్‌కు రానే రాదు. తగ్గనివారిది, ఆస్పత్రుల చుట్టూ తిరిగినవారిదే వస్తుంది. అందుకే పెద్దాస్పత్రి పట్టిక ఊళ్లో ఉన్న నిరోధకతను అసలుకంటే ఎక్కువ చేసి చూపిస్తుంది. మొదటిసారి మూత్రంలో మంటతో వచ్చిన ఆరోగ్యవంతురాలైన యువతికి ఆ పట్టిక చూసి పెద్ద మందు రాయడం తప్పు. ఆమెకు ఐదు రోజుల నైట్రోఫ్యూరాంటోయిన్ మాత్రలు చాలు.

రెండో మంచం రోగి పరిస్థితి వేరు. మధుమేహం, ఇటీవలి యాంటీబయాటిక్, వణుకుతో జ్వరం ఉన్నాయి. ఈమె విషయంలో మొదటి మందు గురి తప్పితే నష్టం పెద్దది. పైపెరాసిలిన్-టాజోబ్యాక్టమ్ చాలాచోట్ల రాస్తారు. ల్యాబ్ రిపోర్టులో అది పనిచేస్తుందనే వస్తుంది కూడా. 2018లో ప్రచురితమైన మెరినో పరీక్షలో సెఫ్‌ట్రియాక్సోన్‌కు లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా రక్తంలో చేరిన రోగులకు ఈ మందును మెరోపెనెమ్‌తో పోల్చారు. 30 రోజుల్లో చనిపోయినవారు పైపెరాసిలిన్-టాజోబ్యాక్టమ్ గుంపులో 12.3 శాతం, మెరోపెనెమ్ గుంపులో 3.7 శాతం. ప్లేటు మీద పనిచేసిన మందు రోగిలో చాలలేదు. అమికాసిన్ మంచి మందే, పాతదే. వాంతులతో నీరు కోల్పోయిన మధుమేహ రోగిలో మాత్రం కిడ్నీని దెబ్బతీసే భయం ఉంది.

మిగిలింది కార్బపెనెమ్ తరగతి. అందులోనూ ఎంపిక ఉంది. మెరోపెనెమ్ సూడోమోనాస్ అనే ఆస్పత్రి బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది, ఎర్టాపెనెమ్ పనిచేయదు. ఈమె ఇంటి నుంచి వచ్చారు, షాక్‌లో లేరు. సూడోమోనాస్‌ను అనుమానించే కారణం లేదు. కాబట్టి ఎర్టాపెనెమ్ చాలు. రోగి షాక్‌లో ఉంటేనో, నెల కిందటే ఐసీయూలో ఉండి వచ్చి ఉంటేనో లెక్క మారి మెరోపెనెమ్ సరైనదయ్యేది. ఏ మందైనా దాన్ని ఎంచుకున్న కారణాన్ని కేస్‌షీట్‌లో ఒక్క వాక్యంలో రాయాలి. మూడో రోజు రౌండ్స్‌కు వచ్చే డాక్టర్ వేరే అయినా ఆ వాక్యమే చర్చను మొదలుపెడుతుంది.

తర్వాత డోసు. రోగి బరువు 60 కిలోలు, క్రియాటినిన్ 1.2. ఆ సంఖ్య దాదాపు మామూలుగా కనిపిస్తుంది కాబట్టి కిడ్నీ బాగానే ఉందనుకోవడం సులువు. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క చేస్తే సంగతి తెలుస్తుంది. 140లోంచి వయసు 58 తీసేస్తే 82. దాన్ని 60తో గుణిస్తే 4,920. దాన్ని 72, 1.2ల లబ్ధమైన 86.4తో భాగిస్తే సుమారు 57. స్త్రీ కాబట్టి 0.85తో గుణిస్తే సుమారు 48. అంటే కిడ్నీ వడపోత నిమిషానికి 48 మిల్లీలీటర్లు మాత్రమే. ఎర్టాపెనెమ్ డోసును 30కి దిగితేనే సగం చేయాలి కాబట్టి రోజుకు ఒక గ్రాము పూర్తి డోసు ఇవ్వొచ్చు. ఆ రాత్రే మొదటి డోసు పడింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ ఆపి ఇన్సులిన్ మొదలుపెట్టారు. అల్ట్రాసౌండ్‌లో రాయి గానీ, మూత్రం నిలిచిన ఆనవాళ్లు గానీ కనిపించలేదు.

మూడో ప్రశ్న: రిపోర్టు వచ్చాక ఏం చేయాలి?

మూడో రోజు ఉదయానికి జ్వరం తగ్గింది, వాంతులు ఆగాయి, రోగి ఇడ్లీ తిన్నారు. రక్తంలో బ్యాక్టీరియా పెరగలేదు. మూత్రంలో మిల్లీలీటరుకు లక్షకు మించి ఈ.కోలై ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు, సెఫ్‌ట్రియాక్సోన్‌కు లొంగదు. కో-ట్రైమోక్సజోల్, నైట్రోఫ్యూరాంటోయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, ఎర్టాపెనెమ్‌లకు లొంగుతుంది.

రోగి కోలుకుంటున్నారు కాబట్టి ఉన్న మందునే కొనసాగిద్దామనేది వార్డులో ఎక్కువగా వినిపించే మాట. స్టీవార్డ్‌షిప్‌లో ఎక్కువ పోగొట్టుకునేది ఈ ఘట్టంలోనే. మొదటి రాత్రి కార్బపెనెమ్ వాడటానికి కారణం సమాచారం లేకపోవడం. ఇప్పుడు సమాచారం ఉంది కాబట్టి ఆ కారణం పోయింది. కార్బపెనెమ్ వాడిన ప్రతి అదనపు రోజూ దాన్ని కూడా తట్టుకునే రకాలకు పేగుల్లో చోటిస్తుంది. వాటి మీద పనిచేసే మందులు చాలా తక్కువ.

రిపోర్టు చదవడంలో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, మందుల పక్కనున్న ఎంఐసీ అంకెల్లో అన్నిటికంటే చిన్నది వెతికి ఆ మందు రాయడం. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కావాల్సిన కనీస మోతాదును ఎంఐసీ అంటారు. ప్రతి మందుకూ హద్దు వేరు కాబట్టి ఒక మందు అంకెను మరో మందు అంకెతో పోల్చకూడదు. రెండోది, రిపోర్టులో లొంగుతుందని ఉన్న ఏ మందైనా సరిపోతుందనుకోవడం. నైట్రోఫ్యూరాంటోయిన్ మూత్రంలో చిక్కగా చేరుతుంది గానీ కిడ్నీ కండలో చాలినంత నిలవదు. ఫాస్ఫోమైసిన్ పొడిదీ అదే పరిమితి. మూత్రాశయంలో మంటకు అవి చక్కటి మందులు, కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌కు పనికిరావు. మందు బ్యాక్టీరియాను చంపగలిగితే సరిపోదు, అది ఉన్న చోటికి చేరాలి కూడా.

ఈమెకు సరిపోయేది కో-ట్రైమోక్సజోల్. కిడ్నీలోకి బాగా చేరుతుంది. నోటితో వేసుకున్నా దాదాపు సూదితో సమానంగా రక్తంలోకి వెళ్తుంది. వడపోత 30 పైన ఉంది కాబట్టి 960 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు ఇవ్వొచ్చు. సల్ఫా మందులకు ఎలర్జీ ఉందేమో అడిగి, లేదని తేల్చుకున్నారు. అయినా ఈ రోగిలో మూడు జాగ్రత్తలు కావాలి. టెల్మిసార్టాన్ పొటాషియంను పెంచుతుంది, కో-ట్రైమోక్సజోల్‌లోని ట్రైమెథోప్రిమ్ కూడా పెంచుతుంది. రెండూ కలిస్తే గుండె లయ తప్పేంతగా పెరగొచ్చు. కాబట్టి కొద్ది రోజుల్లోనే పొటాషియం చూడాలి. రెండోది, గ్లిమెపిరైడ్‌తో కలిస్తే చక్కెర పడిపోవచ్చు. అందుకే కోర్సు పూర్తయ్యేవరకు ఆ మాత్ర ఆపి ఇన్సులిన్ కొనసాగించారు. మూడోది, ట్రైమెథోప్రిమ్ వల్ల కిడ్నీ పనితీరు తగ్గకుండానే క్రియాటినిన్ కొంచెం పెరిగి కనిపిస్తుంది. ఆ చిన్న పెరుగుదల చూసి కంగారుపడక్కర్లేదు. ఎక్కువగా పెరిగితే మాత్రం వేరే కారణం వెతకాలి.

కో-ట్రైమోక్సజోల్‌కు కూడా లొంగకపోయి ఉంటే ఈ కేసులో మాత్రల దారి మూసుకుపోయేది. అప్పుడు ఎర్టాపెనెమ్‌నే రోజుకోసారి సూదిగా పూర్తిచేయడం సరైన పని. మందును తగ్గించడం మొండిపట్టుగా చేసేది కాదు. తగ్గించే వీలు ఉందో లేదో ప్రతిసారీ చూసి తేల్చుకోవాలి.

72 గంటలు దాటినా జ్వరం తగ్గని రోగిలో మరో పొరపాటు జరుగుతుంది. బ్యాక్టీరియా లొంగే మందే పడుతున్నా, దాన్ని తీసేసి ఇంకా పెద్దది రాస్తారు, లేదా రెండోది కలుపుతారు. అలాంటప్పుడు చూడాల్సింది స్కాన్. మూత్రనాళంలో ఇరుక్కున్న రాయి, కిడ్నీ చుట్టూ చేరిన చీము, మధుమేహంలో కిడ్నీ కండలో గాలి చేరే ఎంఫైసెమాటస్ పైలోనెఫ్రైటిస్ అనే ప్రమాదకర జబ్బు, ఇవేవీ మందు మార్చినంత మాత్రాన తగ్గవు. చీము బయటికి పోవాలి, అడ్డు తొలగాలి.

నాలుగో ప్రశ్న: ఎన్ని రోజులు?

కిడ్నీ ఇన్‌ఫెక్షన్‌కు 14 రోజులనేది చాలాకాలం సాగిన అలవాటు. త్వరగా కోలుకుంటూ, అడ్డు గానీ చీము గానీ లేని రోగికి 7 రోజులు చాలని పరీక్షల్లో తేలింది. రక్తంలోకి బ్యాక్టీరియా చేరినవారిలో కూడా 7 రోజులనూ 14 రోజులనూ పోల్చిన బ్యాలెన్స్ పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. 90 రోజుల్లో మరణాలు 7 రోజుల గుంపులో 14.5 శాతం, 14 రోజుల గుంపులో 16.1 శాతం. తక్కువ రోజులు ఇవ్వడం వల్ల నష్టం జరగలేదు. స్టెఫిలోకాకస్ ఆరియస్ రక్తంలో ఉన్నవారిని ఆ పరీక్షలో చేర్చుకోలేదు. ఆ జబ్బుకు ఈ లెక్క వర్తించదు.

రోజులను బ్యాక్టీరియా లొంగే మందు మొదటి డోసు పడిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఈమెకు మొదటి రాత్రి ఎర్టాపెనెమ్ పనిచేసింది కాబట్టి అదే మొదటి రోజు. రెండు రోజులు ఎర్టాపెనెమ్, మూడో రోజు నుంచి ఏడో రోజు వరకు కో-ట్రైమోక్సజోల్. అంటే పది మాత్రలు. చీటీలో ‘కొనసాగించండి’ అని కాకుండా ఆపాల్సిన తేదీ రాయాలి. మొదటి మందు గురి తప్పి మూడో రోజున మార్చి ఉంటే, లెక్క ఆ మూడో రోజు నుంచే మొదలయ్యేది. ఆరో రోజు పొటాషియం 4.8 ఉంది, ప్రమాదం లేదు. కోర్సు అయ్యాక లక్షణాలు లేనప్పుడు మళ్లీ మూత్రం కల్చర్ పంపక్కర్లేదు. పంపితే ఆమె కూడా మొదటి మంచం పెద్దాయన పరిస్థితిలోకి వస్తారు.

వార్డు నుంచి ఆస్పత్రికి

ఈ నాలుగు ప్రశ్నలు ఒక్క డాక్టర్ జ్ఞాపకశక్తి మీద ఆధారపడితే నిలవవు. అందుకే ఆస్పత్రులు రెండు పద్ధతులు వాడతాయి. ఒకటి, కొన్ని మందులకు ముందే అనుమతి అడగడం. అక్కర్లేని వాడకం వెంటనే తగ్గుతుంది గానీ, అర్ధరాత్రి అనుమతి ఇచ్చే మనిషి దొరకకపోతే రోగికి మందు ఆలస్యమవుతుంది. రెండోది, మందు మొదలయ్యాక మూడో రోజున మైక్రోబయాలజిస్టు, ఫార్మసిస్టు, డాక్టర్ కలిసి కేస్‌షీట్ చూసి సూచన చెప్పడం. మనుషుల సమయం ఎక్కువ పడుతుంది, కానీ హౌస్‌సర్జన్లు నేర్చుకునేది ఇందులోనే. ఎర్టాపెనెమ్ లేదా మెరోపెనెమ్‌కు మెట్రోనిడజోల్ కలిపి రాయడం లాంటివి ఇక్కడ సులువుగా పట్టుబడతాయి. గాలి లేనిచోట పెరిగే బ్యాక్టీరియాను కార్బపెనెమే చంపుతుంది కాబట్టి సాధారణంగా రెండో మందు వృథా.

ఏ మందు ఎంత జాగ్రత్తగా వాడాలో తేల్చుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్‌లను మూడు వర్గాలుగా విడదీస్తోంది. మామూలు జబ్బులకు ముందుగా వాడదగ్గవి యాక్సెస్, నిరోధకత త్వరగా పెంచేవి వాచ్, చివరి ఆశగా దాచుకోవాల్సినవి రిజర్వ్. ఈ కేసులో సెఫ్‌ట్రియాక్సోన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఎర్టాపెనెమ్ వాచ్ వర్గంలోవి. అమికాసిన్, నైట్రోఫ్యూరాంటోయిన్, కో-ట్రైమోక్సజోల్ యాక్సెస్ వర్గంలోవి. కొలిస్టిన్ రిజర్వ్‌లో ఉంది. వాడే యాంటీబయాటిక్‌లలో కనీసం 70 శాతం యాక్సెస్ వర్గంవే ఉండాలని 2024లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 2030కి లక్ష్యం పెట్టుకున్నాయి. రెండో మంచం రోగికి రెండు రోజులు వాచ్ మందు, ఐదు రోజులు యాక్సెస్ మందు పడ్డాయి. పక్క మంచం పెద్దాయనకు గొట్టం తీశారు, యాంటీబయాటిక్ ఏదీ రాయలేదు.